తరగతి గది పరిశోధనలో ‘పద్ధతి’ విభాగం: మిర్చి, పత్తి పల్లెల బడుల నుంచి

ఉపాధ్యాయుడో, శిక్షణలో ఉన్న ఛాత్రోపాధ్యాయుడో తన తరగతిలోని పిల్లల మీద చేసిన చిన్న అధ్యయనాన్ని నివేదికగా రాసేటప్పుడు, ఎవరిని ఎంచుకున్నాడు, దేనితో కొలిచాడు, పిల్లలకు హాని జరగకుండా ఏం జాగ్రత్త తీసుకున్నాడు అన్నవాటికి కారణాలతో సహా జవాబు చెప్పే భాగమే పద్ధతి విభాగం. బీఈడీ, డీఎల్ఈడీ కోర్సుల్లో క్రియాత్మక పరిశోధన పేరుతో ఇలాంటి అధ్యయనాలు జరుగుతాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోని బోధన కళాశాలల్లోనూ, పల్నాడు జిల్లా బోయపాలెం, ప్రకాశం జిల్లా మైనంపాడు డైట్లలోనూ చదివినవారికి ఇది తెలిసిన పనే. నివేదికలో చాలామంది తేలిగ్గా దాటేసేదీ, పరీక్షకుడు మొదట పట్టుకునేదీ ఈ విభాగాన్నే.

విభాగం నియమాలు ఏ ప్రాంతంలోనైనా ఒకటే. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మిర్చి, పత్తి పల్లెల్లో మాత్రం వాటికి పంట క్యాలెండర్ తోడవుతుంది. దసరా దాటాక పత్తి తీతలు, సంక్రాంతి అటూ ఇటూగా మొదలై వేసవి దాకా సాగే మిరప కోతలు బడిలో ఎవరు ఉంటారో, ఎవరు ఉండరో తేలుస్తాయి. అందుకే ఇక్కడ అధ్యయనం ఏ నెలలో జరిగిందన్నది నమూనా ఎంపికలో భాగమవుతుంది.

నమూనా: మూడు జాబితాలు

పల్నాడులోని ఒక మిర్చి గ్రామంలో ఫిబ్రవరి నెలలో ఐదో తరగతి పిల్లలు ఎందరంటే మూడు జవాబులు వస్తాయి. హాజరుపట్టీలో ఉన్న పేర్లు ఒక జాబితా. ఆ రోజు బెంచీల మీద కూర్చున్నవారు రెండోది. ఊళ్ళో నిజంగా ఉన్న ఆ వయసు పిల్లలు మూడోది. పట్టీలో పేరున్నా కోతలకు వెళ్ళినవారు, చెల్లిని చూసుకోవడానికి ఇంటి దగ్గర ఆగినవారు రెండో జాబితాలో కనిపించరు. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి ఏటా మిరప కోతలకు, పత్తి తీతలకు వచ్చి చేల పక్కన గుడారాల్లో ఉండే కుటుంబాల పిల్లలు ఊళ్ళో ఉంటారు గానీ, వారి పేర్లు సొంతూరి బడి పట్టీలోనే ఉంటాయి.

కాబట్టి ‘ఐదో తరగతి విద్యార్థులందరినీ తీసుకున్నాను’ అన్న వాక్యం చాలదు. ఏ జాబితాలోని అందరినీ అన్నది చెప్పాలి.

ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన ‘అసర్’ సర్వే ఈ చిక్కును ముందే గమనించి, పిల్లల్ని బడిలో కాక ఇంటి దగ్గర కలుస్తుంది. జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్ళు తీసుకుని, బడికి వెళ్ళేవారినీ వెళ్ళనివారినీ ఒకే కాగితంతో పరీక్షిస్తుంది. జిల్లా మొత్తం గురించి మాట్లాడాలనుకున్న సర్వేకు అది తగిన ఏర్పాటు. ఒక బడిలో ఒక తరగతి మీద పనిచేసే ఉపాధ్యాయుడికి ఆ అవసరమూ లేదు, ఆ హక్కూ లేదు. అతను తీసుకునేది ఉద్దేశపూర్వక నమూనా. తాను పాఠం చెప్పే తరగతి, తనకు అందుబాటులో ఉన్న బడి, తన ప్రశ్నకు సరిపోయే పిల్లలు. అది తప్పేమీ కాదు. 34 మంది పిల్లల్ని తీసుకుని ‘గుంటూరు జిల్లా విద్యార్థుల పఠన సామర్థ్యం’ అని శీర్షిక పెట్టడం తప్పు.

పెద్ద అధ్యయనంతో పోలిస్తే హద్దు ఎక్కడుందో తెలుస్తుంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి నడిపిన ప్రయోగాల్లో 500 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు ఉన్నాయి. ఉపాధ్యాయులకు పనితీరును బట్టి ప్రోత్సాహక సొమ్ము ఇస్తే పిల్లల చదువు మెరుగవుతుందా అన్న ప్రశ్నకు, ఏ బడికి ఏ ఏర్పాటు అన్నది లాటరీతో తేల్చి జవాబు వెతికారు. 2011లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం రెండేళ్ళకు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం మేర మెరుగుదల కనిపించింది. అదే పద్ధతిని 30 మంది చొప్పున రెండు గుంపులతో చేస్తే, సాధారణంగా వాడే గణాంక ప్రమాణాల ప్రకారం 0.7 ప్రామాణిక విచలనం కంటే చిన్న తేడా నమ్మకంగా దొరకదు. అంటే అంత పెద్ద అధ్యయనంలో కనిపించిన మెరుగుదల నిజంగానే ఉన్నా, చిన్న తరగతి లెక్కల్లో అది కనిపించకుండా పోవచ్చు. ‘తేడా లేదు’ అని రాసేముందు ‘ఇంత చిన్న తేడాను పట్టే శక్తి ఈ నమూనాకు లేదు’ అని పద్ధతి విభాగంలోనే చెప్పుకోవాలి.

ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. ‘ఎ’ సెక్షన్‌ను ప్రయోగ సమూహంగా, ‘బి’ సెక్షన్‌ను నియంత్రిత సమూహంగా పెడతారు. రెండు సెక్షన్లకు ఇద్దరు వేర్వేరు ఉపాధ్యాయులుంటే చివరికి వచ్చిన తేడా పద్ధతిదో, పంతులుదో చెప్పే దారి ఉండదు. పిల్లలు అరవై మంది ఉన్నా, పోల్చింది రెండు తరగతుల్నే. దీనికంటే ఒకే తరగతిలో పిల్లల్ని మొదటి పరీక్ష మార్కుల వరుసలో నిలిపి, ఇద్దరిద్దరు చొప్పున జతలు కట్టి, ప్రతి జతలో ఎవరు ముందు అన్నది బొమ్మా బొరుసుతో తేల్చడం మేలు. మొదటి సగం మందికి ఆరు వారాలు కొత్త పద్ధతి, తర్వాతి ఆరు వారాలు మిగతావారికి. ఎవరికీ అన్యాయం జరగదు, పోలికా నిలుస్తుంది. ఒకరు నేర్చుకున్నది పక్కవారికి అంటుకునే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ సంగతిని పరిమితిగా రాయాలి.

వెనకబడిన పది మందినే ఎంచుకునే అధ్యయనాల్లో మరో చిక్కుంది. ఒక రోజు బాగా తక్కువ మార్కులు వచ్చినవారిలో కొందరికి ఆ రోజు జ్వరమో, బెరుకో ఉండి ఉంటుంది. ఏమీ చేయకపోయినా మళ్ళీ పరీక్ష పెడితే వారి సగటు కొంత పెరుగుతుంది. అందుకే ఎంపికకు ఒక పరీక్ష, లెక్క మొదలుపెట్టడానికి ఇంకొకటి ఉండాలి.

వెళ్ళిపోయిన పిల్లల లెక్క

మిర్చి పల్లెలో ఫలితాల్ని అన్నిటికంటే ఎక్కువ తారుమారు చేసేది మధ్యలో వెళ్ళిపోయిన పిల్లల లెక్కే. ఊహించిన ఒక ఉదాహరణతో దాన్ని చూడవచ్చు. ఐదో తరగతి పట్టీలో 34 మంది. డిసెంబరులో మొదటి పఠన పరీక్ష నాడు 31 మంది వచ్చారు. నిమిషానికి తప్పుల్లేకుండా చదివిన పదాల సగటు 32. మార్చిలో రెండో పరీక్ష నాటికి 24 మందే మిగిలారు. వారి సగటు 44. నిమిషానికి 12 పదాలు పెరిగాయని నివేదికలో రాస్తే చూడ్డానికి బాగుంటుంది.

ఇప్పుడు రాని ఏడుగురి డిసెంబరు మార్కులు విడిగా తీద్దాం. వారి సగటు 22. మిగిలిన 24 మంది డిసెంబరు సగటు 35. అంటే రెండుసార్లూ ఉన్న పిల్లల్లో నిజమైన పెరుగుదల 9 పదాలే. మిగతా మూడు పదాల ‘ప్రగతి’ ఎవరూ నేర్చుకున్నది కాదు. తక్కువ చదివే పిల్లలు కోతలకు వెళ్ళిపోవడం వల్ల సగటు పైకి జరిగింది, అంతే.

అందుకని పద్ధతి విభాగంలో ఒక చిన్న పట్టిక తప్పనిసరి. పట్టీలో ఎందరు, అనుమతి ఎందరికి వచ్చింది, మొదటి పరీక్షకు ఎందరు, చివరి పరీక్షకు ఎందరు, మధ్యలో పోయినవారి మొదటి మార్కులు మిగిలినవారితో పోలిస్తే ఎలా ఉన్నాయి అన్నవి అందులో ఉండాలి. పోలిక రెండు పరీక్షలూ రాసిన పిల్లల మధ్యే చేయాలి. రాని పిల్లల కోసం మరో రెండు రోజులు కేటాయించి, వారు వచ్చిన రోజే పరీక్ష పెట్టే ఏర్పాటూ చేసుకోవచ్చు.

నెలను ఎంచుకోవడంలోనూ కారణం చూపాలి. కొత్త చేరికలు ముగిసిన జులై నుంచి సెప్టెంబరు దాకా పొలంలో కలుపు పనులున్నా, కోతల నాటి వలస ఉండదు. పఠన పద్ధతిని పరీక్షించే అధ్యయనానికి ఆ కాలం నయం. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే పీరియడ్ల నిడివి, పరీక్ష వేళ మారిపోతాయి. డిసెంబరులో మధ్యాహ్నం పెట్టిన పరీక్షను మార్చిలో పొద్దున పెట్టినదానితో పోల్చకూడదు. ప్రశ్నే గైర్హాజరు గురించి అయితే కోతల కాలాన్ని తప్పించుకోకూడదు, ఆ కాలంలోనే పని చేయాలి.

ఉపకరణాలు: తెలుగును ఎలా కొలవాలి

అసర్ పఠన కాగితంలో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. బిడ్డ ఎంచుకున్న ఐదు అక్షరాల్లో నాలుగు సరిగ్గా చదివితే ఆ మెట్టు దాటినట్టు. ఊరూరా తిరిగే స్వచ్ఛంద కార్యకర్త కొద్ది నిమిషాల్లో వాడగలగడం దాని బలం. కానీ అందులో మెట్లు కొన్నే. ఆరు వారాల బోధనలో ఒక బిడ్డ తడుముకుంటూ చదివే పేరాను హాయిగా చదివే స్థితికి వచ్చినా, కాగితం మీద అదే మెట్టులో ఉండిపోవచ్చు. తెలిసిన సాధనం అని వాడడం సమర్థన కాదు. ఎదురుచూస్తున్న మార్పును అది పట్టగలదా అన్నది అసలు ప్రశ్న.

తెలుగుకు మరో లెక్కుంది. అచ్చులు, హల్లులు వచ్చినంత మాత్రాన చదవడం రాదు. గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు, సంయుక్తాక్షరాలు పట్టుబడాలి. పొరుగున ఉన్న కన్నడంపై సోనాలి నాగ్ చేసిన పరిశోధన ఇలాంటి లిపిలో అక్షర జ్ఞానం పూర్తిగా కుదురుకోవడానికి ప్రాథమిక తరగతుల్లో చాలా కాలం పడుతుందని చూపింది. కాబట్టి ఐదో తరగతి వెనకబాటును కొలిచే ఉపకరణంలో సాదా అక్షరాలకు ఒక వరుస, గుణింతాలకు ఒకటి, ఒత్తులకు ఒకటి విడివిడిగా ఉంటే, బిడ్డ ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

వేగాన్ని పదాల్లో లెక్కపెట్టడమూ ఆలోచించి చేయాల్సిన పనే. ‘చదువుకోవాలనుకుంటున్నాను’ అన్నది లెక్కకు ఒక పదం, నోటికి పదకొండు అక్షరాలు. ‘బడి’ కూడా ఒక పదమే. వేరే భాషల కోసం తయారైన నిమిషానికి ఇన్ని పదాలు అనే ప్రమాణాన్ని తెచ్చి తెలుగు పిల్లలు వెనకబడ్డారనడం చెల్లదు. అక్షరాల్లో లెక్కపెట్టడం, లేదా రెండు పేరాల్లోనూ పదాల నిడివి సమానంగా ఉండేలా చూసుకోవడం దీనికి విరుగుడు. ఒకే పేరాను రెండుసార్లు ఇస్తే రెండోసారి జ్ఞాపకం పనిచేస్తుంది. అందుకే సమాన స్థాయి పేరాలు రెండు తయారు చేసి, సగం మందికి ముందు మొదటిదీ, మిగతావారికి ముందు రెండోదీ ఇస్తారు.

ఏది తప్పు అన్నదానికి రాతపూర్వక నియమం ఉండాలి. ‘పాఠం’ను ‘పాటం’ అని, ‘వస్తున్నాడు’ను ‘వస్తన్నాడు’ అని చదివిన బిడ్డ అక్షరం గుర్తుపట్టలేదా, ఇంట్లో మాట్లాడే పలుకుతో చదివిందా? రెండోదే అయితే తప్పుగా లెక్కించకూడదు. మాచర్ల వైపు తండాల్లో లంబాడీ, గుంటూరు పట్టణంలో ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లల విషయంలో ఈ నియమం ఇంకా అవసరం. అది లేకపోతే పఠన పరీక్ష కాస్తా యాస పరీక్ష అయిపోతుంది.

నియమం ఎంత బాగున్నా ఇద్దరు ఒకే తీరుగా మార్కులు వేస్తున్నారో లేదో చూడాలి. పది మంది పిల్లల గొంతు రికార్డింగులను పరిశోధకుడు ఒకసారి, ఆ తరగతికి సంబంధం లేని మరో ఉపాధ్యాయుడు ఒకసారి, ఒకరి మార్కులు ఒకరు చూడకుండా దిద్దుతారు. ఎన్ని పదాల దగ్గర ఇద్దరూ ఏకీభవించారో శాతంలో రాస్తే విశ్వసనీయతకు అదే సాక్ష్యం. విషయ సప్రమాణతకు పేరాలను అనుభవమున్న ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులకు చూపి, వారు ఏం మార్పించారో చెప్పాలి. తుది పరీక్షకు ముందు మరో బడిలో పది మందిపై వాడి చూసి, అర్థం కాని సూచనలు సరిచేయాలి. ‘నిపుణుల సలహాతో ఉపకరణం రూపొందించబడినది’ అన్న ఒక్క వాక్యం ఇవేవీ చెప్పదు.

పిల్లల రక్షణ: సంతకంతో తీరే పని కాదు

అనుమతి మూడు మెట్లలో ఉంటుంది. బడిలోకి రావడానికి ప్రధానోపాధ్యాయుడు, మండల విద్యాశాఖాధికారి అనుమతి మొదటిది. తల్లిదండ్రుల సమ్మతి రెండోది. బిడ్డ ఇష్టం మూడోది. మొదటిది వస్తే మిగతా రెండూ వచ్చినట్టేనని అనుకోవడమే చిన్న నివేదికల్లో తరచూ కనిపించే లోపం. తల్లిదండ్రుల సమావేశంలో మైకులో చెప్పి, అభ్యంతరం ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడమూ సమ్మతి కాదు.

కోతల రోజుల్లో తల్లులు తెల్లవారుజామునే చేలకు వెళ్తారు. కాబట్టి పొద్దుగుంకాక ఇంటికి వెళ్ళి, కాగితాన్ని చదివి వినిపించి, ప్రశ్నలు అడగనివ్వాలి. చదువు రానివారు వేలిముద్ర వేస్తే, పరిశోధకుడు కాని వేరే సాక్షి సంతకం ఉండాలి. తల్లిదండ్రులు వలస వెళ్ళి బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉంటే తల్లితో ఫోనులో మాట్లాడి, ఎవరు ఒప్పుకున్నారో, బిడ్డకు ఏమవుతారో నమోదు చేయాలి.

పిల్లల ఇష్టం విషయంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాలు ఉపయోగపడతాయి. 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల నుంచి నోటిమాటగా, 12 నుంచి 18 ఏళ్ళవారి నుంచి రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలని అవి చెబుతాయి. అవి వైద్య, ఆరోగ్య పరిశోధన కోసం రాసినవి. విద్యా పరిశోధకుడు వాటిని అనుసరించానని చెప్పవచ్చు గానీ, వాటి కింద అనుమతి పొందానని రాయకూడదు.

పరిశోధకుడే పాఠం చెప్పే మాస్టారైతే బిడ్డ ‘వద్దు సార్’ అనడం కష్టం. దానికి రెండు ఏర్పాట్లు చేస్తారు. అంగీకారం అడిగే పనిని తరగతికి మార్కులు వేయని మరొకరికి అప్పగిస్తారు. రెండోది, పాఠాన్ని, సమాచారాన్ని వేరు చేస్తారు. కొత్త పద్ధతిలో పాఠం అందరికీ ఉంటుంది, ఒప్పుకోని బిడ్డ మార్కులు మాత్రం అధ్యయనంలోకి రావు. దీనివల్ల ఎవరికీ చదువు తగ్గదు, తిరస్కారానికి శిక్షా ఉండదు.

అడగకూడని ప్రశ్నలూ ఉన్నాయి. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నిషిద్ధం. బడి వేళల బయట సొంత కుటుంబానికి సాయపడటానికి మినహాయింపు ఉంది. ఈ పరిస్థితిలో ‘ఎవరి చేలో మిరపకాయలు కోశావు, ఎంతిచ్చారు?’ అని అడిగి రాసిపెట్టిన కాగితం బిడ్డకూ, తల్లికీ, రైతుకూ చిక్కు తేగలదు. పఠన అధ్యయనానికి ఆ ప్రశ్న అవసరం లేకపోతే అడగకూడదు. గైర్హాజరు రోజులు హాజరుపట్టీలోనే దొరుకుతాయి. పని సంగతే అధ్యయన విషయమైతే, సమాధానాలు ఎక్కడ, ఎవరి చేతిలో ఉంటాయో ముందే తేల్చుకోవాలి.

గోప్యతకూ హద్దుంది. బిడ్డ లైంగిక వేధింపు గురించి చెబితే, 2012 పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతిని పోలీసులకు తెలపాల్సిన బాధ్యత తెలిసినవారిపై ఉంటుంది. కనుక ‘నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకూడదు. ‘నీకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే మాత్రం సాయం చేయగలిగినవారికి చెబుతాను’ అని ముందే చెప్పాలి. 1098 నంబరును పిల్లలకు తెలియజేశామని కూడా రాస్తే మంచిది.

చిన్న ఊళ్ళో పేరు తీసేస్తే గుర్తింపు పోదు. ఐదో తరగతిలో ఒకే ఒక్క లంబాడీ బాలిక ఉంటే, ‘లంబాడీ బాలిక, ఐదో తరగతి’ అన్న మాటే ఆమె పేరు. అందుకే ఊరి పేరు, బడికి ఉన్న 11 అంకెల యూడైస్ కోడ్ నివేదికలో రాయరు, ఒకరిద్దరే ఉన్న వర్గాలను విడిగా చూపరు. పేర్లకూ సంకేత సంఖ్యలకూ పొంతన చూపే జాబితాను మార్కుల కాగితాలతో కలపకుండా వేరే చోట తాళం వేసి ఉంచుతారు. గొంతు రికార్డింగులు ఫోన్ నుంచి ఎప్పుడు తొలగించారో తేదీ రాస్తారు. 18 ఏళ్ళలోపువారి వ్యక్తిగత సమాచారాన్ని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రత్యేకంగా చూస్తుంది. పరిశోధనకు కొన్ని మినహాయింపులు ఇచ్చినా, వాటికీ షరతులున్నాయి. పిల్లలు చదువుతున్న వీడియోను వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆ మినహాయింపు కిందికి రాదు.

రాసినప్పుడు ఎలా ఉంటుంది

పైన ఊహించిన ఐదో తరగతి అధ్యయనాన్నే జులై, సెప్టెంబరు మధ్యకు మార్చి, నమూనా భాగాన్ని రాస్తే ఇలా ఉంటుంది: ‘పల్నాడు ప్రాంతంలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో నేను బోధించే ఐదో తరగతిని ఉద్దేశపూర్వకంగా ఎంచుకున్నాను. పట్టీలోని 34 మందిలో 32 మంది తల్లిదండ్రులు సమ్మతించారు, ఒక బిడ్డ ఇష్టపడలేదు. 31 మంది మొదటి పరీక్ష రాశారు. కోతల వలసకు ముందు ముగించాలని జులై–సెప్టెంబరు నెలలు ఎంచుకున్నాను. అయినా ముగ్గురు చివరి పరీక్షకు రాలేదు. వారి మొదటి మార్కులు పట్టికలో ఇచ్చాను. పోలిక రెండు పరీక్షలూ రాసిన 28 మందికే పరిమితం. వలస కుటుంబాల పిల్లలు పట్టీలో లేనందున ఈ ఫలితాలు వారికి వర్తించవు.’

ప్రణాళిక దశలో ఈ వాక్యాలన్నీ భవిష్యత్తులో ఉంటాయి, నివేదికలో గతంలోకి మారతాయి. ప్రణాళికలో రాసినదానికీ జరిగినదానికీ తేడా వస్తే ఆ తేడాను కారణంతో సహా చెప్పాలి. పైన ఉన్న చివరి రెండు వాక్యాలు రాస్తే మార్కులు తగ్గుతాయేమోనని విద్యార్థులు భయపడుతుంటారు. నిజానికి పద్ధతి తెలిసిన పరీక్షకుడు 28, 34 అంకెల మధ్య తేడాకు వివరణ కోసమే మొదట వెతుకుతాడు. అది లేని నివేదికలో ఫలితాల అధ్యాయం ఎంత నిండుగా ఉన్నా నమ్మదగినది కాదు.